చదివింపుల పుస్తకం: మొత్తం సరిపోతే చాలదు

శుభలేఖ చేతికి రాగానే చాలా ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ‘వాళ్లు మనకెంత చదివించారు?’ అన్నదే. అప్పుడు బీరువా పైఅరలోంచి పుస్తకాలు దిగుతాయి. పెద్దమ్మాయి పెళ్లిది ఒకటి, గృహప్రవేశానిది ఒకటి, చిన్నమ్మాయి ఓణీల ఫంక్షన్‌ది ఇంకొకటి. తెలంగాణలో వీటినే కట్నాల పుస్తకాలంటారు. పొడుగాటి నోటుబుక్కు, మొదటి పేజీలో పసుపు బొట్టు, ‘శ్రీరస్తు’, ఆ తర్వాత నలభై యాభై పేజీల నిండా పేర్లు. అందులో ఒక్క పేరు వెతకడానికి గంట పడుతుంది. ఒక్కోసారి ఎంత వెతికినా దొరకదు. చివరికి ‘ఐదొందల పదహార్లు పెట్టేద్దాం’ అని ఉజ్జాయింపుగా తేల్చేస్తారు. అవతలివాళ్లు మనకు వెయ్యి నూట పదహార్లు చదివించి ఉంటే, ఆ సంగతి వాళ్ల పుస్తకంలోనూ ఉంటుంది, వాళ్ల మనసులోనూ ఉంటుంది.

పుస్తకం తప్పేమీ లేదు. వచ్చినవాళ్లు వచ్చిన వరసలో రాసిన పద్దు అది. ఉదయం ముహూర్తానికి వచ్చిన తెనాలి వాళ్లు మూడో పేజీలో, భోజనాల వేళకు అందుకున్న వాళ్ల తమ్ముడు పందొమ్మిదో పేజీలో ఉంటారు. మనకు కావలసింది మాత్రం ఊరి వరస, ఇంటిపేరు వరస. ఒక వరసలో రాసినదాన్ని ఇంకో వరసలో చూసుకోవాలంటే కాగితం మీద కుదరదు. దాన్ని కంప్యూటర్ షీట్‌లోకి ఎక్కించుకోవాలి. ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా పని ఒకటే.

ఈ పనికి దిగిన చాలామంది పేరు, ఊరు, మొత్తం అని మూడు గళ్లు వేసి, టైపు చేసి, అడుగున కూడి, మొత్తం వచ్చింది కదా అని ముగిస్తారు. అసలు ప్రమాదం అక్కడే. మొత్తం ఒక్క పైసా తేడా లేకుండా సరిపోయిన షీట్‌లో ఊళ్లన్నీ తప్పుగా ఉండవచ్చు, ఒకరి డబ్బు ఇంకొకరి పేరున పడవచ్చు. మొత్తం అన్నది డబ్బు లెక్క. ఈ పుస్తకం ఉన్నది బాకీ లెక్క కోసం. ఎవరికి ఎంత తిరిగి పెట్టాలో తెలియజెప్పని షీట్ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

ముందు పేజీలకు నంబర్లు

టైపు మొదలుపెట్టక ముందు పుస్తకంలోని ప్రతి పేజీకి పెన్సిల్‌తో నంబరు వేయండి. ప్రతి పేజీనీ వెలుతురు బాగా ఉన్న చోట ఫొటో తీయండి. పాత పుస్తకాల్లో బాల్‌పెన్ సిరా వెలిసిపోతుంది, ఇంకుపెన్ను రాత ఒక్క చెమ్మకే పాకుతుంది. ఫొటో ఉంటే టైపు చేసేవాళ్లు ఊళ్లో లేకపోయినా పని ఆగదు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న పిల్లలు కూడా అందుకోగలరు.

షీట్‌లో మొదటి రెండు గళ్లు పేజీ నంబరుకు, వరుస నంబరుకు కేటాయించాలి. చాలామంది వదిలేసేది ఇదే, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఎన్నిసార్లు తారుమారు చేసినా, ఏ పద్దు ఏ పేజీలో ఎన్నో వరుసదో ఆ రెండు అంకెలు చెబుతాయి. వాటితో పుస్తకంలోని అసలు వరసను ఎప్పుడైనా తిరిగి తెచ్చుకోవచ్చు. రెండూ కలిపి ఒకే గడిలో 7-3 అని కొట్టొద్దు. ఏడో పేజీ మూడో వరుస అని మనం అనుకుంటాం, షీట్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. పేజీకి ఒక గడి, వరుసకు ఒక గడి విడివిడిగా ఉండాలి.

ఆ తర్వాతి గళ్లు ఇలా ఉంటే హాయి: C లో పేరు, పుస్తకంలో ఎలా ఉందో అలాగే. D లో ఇంటిపేరు. E లో ఊరు, అదీ పుస్తకంలో ఉన్నట్టే. F లో నగదు, అంకె మాత్రమే. G లో చీర, వెండి కుంకుమ భరిణె లాంటి వస్తువులు. H లో డబ్బు ఎలా వచ్చిందో, అంటే చేతికా, కవరా, ఫోనా అన్నది. I లో పూర్తి ఊరు. ఊరికి రెండు గళ్లు ఎందుకో కింది ఉదాహరణ చూస్తే తెలుస్తుంది.

ఒక పేజీ తీసుకుందాం

తెనాలి ప్రాంతంలో జరిగిన ఒక పెళ్లి పుస్తకంలో ఏడో పేజీ అనుకుందాం. ఎనిమిది వరుసలున్నాయి. మొదటి వరుసలో తెనాలి అని రాసి ఉంది, 1116. రెండో వరుసలో ఊరి చోట రెండు గీతల చుక్క, అంటే పైదే, 516. మూడోదీ అంతే, 116. నాలుగో వరుసలో కొలకలూరు, 500. ఐదో వరుసలో మళ్లీ చుక్కలు, 1116. ఆరోది అంగలకుదురు, 516. ఏడో వరుసలో చుక్కలు, 200. ఎనిమిదోదానికీ చుక్కలే, ‘1116 + చీర’ అని ఉంది. పేజీ అడుగున రాసినవారు కూడి పెట్టిన మొత్తం 5196.

ఉన్నది ఉన్నట్టుగా, చుక్కలతో సహా ఎక్కించామనుకోండి. పుస్తకంలో చుక్కల అర్థం పై వరుస మీద ఆధారపడి ఉంది. షీట్‌ను మొత్తం ప్రకారమో పేరు ప్రకారమో మార్చిన మరుక్షణం ఆ పై వరుస ఎక్కడికో పోతుంది. కొలకలూరు ఆయన పక్కకు అంగలకుదురు చుక్కలు వచ్చి చేరతాయి. ఊరి వారీగా కూడితే తెనాలికి 1116, కొలకలూరుకు 500, అంగలకుదురుకు 516 మాత్రమే చూపిస్తుంది. మిగిలిన 3064 రూపాయలు ఏ ఊరివో తెలియని చుక్కల కింద పడి ఉంటాయి. అయినా పేజీ మొత్తం మాత్రం 5196 అని కచ్చితంగా వస్తుంది. మొత్తం చూసి నమ్మకూడదని చెప్పింది ఇందుకే.

దీనికి మందు సులువే. టైపు చేసేటప్పుడు చుక్కలున్న చోట E గడిని ఖాళీగా వదిలేయండి. అంతా ఎక్కించాక, ఇంకా వరస కదపక ముందే, I2 గడిలో ఈ సూత్రం రాసి కింది దాకా లాగండి:

```
=IF(E2="",I1,E2)
```

E ఖాళీగా ఉంటే పైనున్న ఊరిని తెచ్చుకో, లేకుంటే రాసిన ఊరినే ఉంచుకో అని దీని అర్థం. చుక్కల బదులు ప్రతి వరుసలో పూర్తి ఊరి పేరు వచ్చి కూర్చుంటుంది. అయితే అవి ఇంకా పై గడిని చూస్తున్న సూత్రాలే, వరస మార్చితే మళ్లీ చెదిరిపోతాయి. అందుకే I గళ్లన్నీ కాపీ చేసి, అక్కడే `Paste special` లో `Values only` ఎంచుకుని అతికించాలి. అప్పుడవి అక్షరాలుగా స్థిరపడతాయి. ఇప్పుడు ఊరి వారీగా కూడితే తెనాలి 1748, కొలకలూరు 1616, అంగలకుదురు 1832. మూడూ కలిపితే అదే 5196.

ఇక్కడొక మెలిక ఉంది. పుస్తకంలో ఊరు రాయకుండా వదిలిన వరుసలు కూడా ఉంటాయి. ఆడపెళ్లివారి సొంత ఊరివాళ్లకు, వీధిలో వాళ్లకు రాసేవారు ఊరు రాయరు, అందరికీ తెలిసినవాళ్లే కదా అని. చుక్కలున్న ఖాళీ వేరు, అసలు రాయని ఖాళీ వేరు. రెండిటినీ ఖాళీగానే వదిలేస్తే పక్కింటి పాల పద్మావతి గారు అంగలకుదురు ఆవిడై కూర్చుంటారు. రాయని చోట E లో ‘స్థానికం’ అనో ‘రాయలేదు’ అనో కొట్టండి. పేజీ పై వరుసలో చుక్కలుంటే అవి వెనక పేజీ చివరి ఊరిని చూపిస్తున్నాయి. అక్కడ ఒక్కసారి ఆగి, నిజంగా అదే ఊరా అని పెద్దవాళ్లను అడగాలి. రాసేవాళ్లు మధ్యలో మారి ఉంటే ఆ చుక్కలను అసలు నమ్మలేం.

కూడని అంకెలు

ఇప్పుడు ఎనిమిదో వరుస సంగతి. ‘1116 + చీర’ అని F గడిలో అలాగే కొడితే అది అంకె కాదు, మాట. SUM మాటలను కూడదు. కూడలేదని చెప్పదు కూడా. మన పేజీ మొత్తం 5196 బదులు 4080 వస్తుంది. ‘1116/-’ అన్నా, ‘రూ.516’ అన్నా, 116 తర్వాత ‘ఇచ్చారు’ అని చేర్చినా ఇదే జరుగుతుంది. కంటితో గుర్తుపట్టాలంటే, అంకెలు గడిలో కుడివైపుకు ఆనుకుని ఉంటాయి, మాటలు ఎడమవైపుకు ఆనుకుంటాయి. మధ్యకు సర్దకుండా ఉంచితే ఆ తేడా వెంటనే తెలుస్తుంది. కొన్ని వందల వరుసలను కంటితో చూడలేం కాబట్టి షీట్‌నే అడగవచ్చు:

```
=COUNTA(Sheet1!F2:F400)-COUNT(Sheet1!F2:F400)
```

నగదు గడిలో అంకె కానివి ఎన్ని ఉన్నాయో ఇది చెబుతుంది. సున్నా వచ్చేదాకా వెతికి సరిచేయాలి. చీరను G లోకి పంపి, F లో 1116 మాత్రం ఉంచాలి.

మొత్తాన్ని మాత్రం అదే షీట్ అడుగున పెట్టొద్దు. వరస మార్చినప్పుడు ఆ మొత్తం కూడా ఒక చదివింపులాగా పేర్ల మధ్యకు వెళ్లిపోతుంది. కింద రెండో షీట్ తెరిచి అక్కడ రాసుకోండి:

```
=SUM(Sheet1!F2:F400)
```

వరుసలు 400 దాటితే ఆ అంకెను పెంచుకోవాలి. పుస్తకంలో పేజీ అడుగున వేసిన మొత్తాలను, తర్వాతి పేజీ తలకట్టులో ‘వెనక పేజీ నుంచి తెచ్చినది’ అని రాసినవాటిని చదివింపులుగా టైపు చేయకూడదు. అలసటలో ఎవరైనా ఈ పొరపాటు చేస్తారు. ఒక్క పేజీ మొత్తం అలా దూరినా ఆ పేజీ డబ్బు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ముందు పేజీలవన్నీ కలుపుకుంటూ తెచ్చిన అంకె అయితే తేడా ఇంకా పెద్దది.

అలాగని ఆ పేజీ మొత్తాలను పారేయకండి. మన పని సరిచూసుకోవడానికి అవే ఆధారం. ఏడో పేజీ మొత్తాన్ని షీట్ ఇలా చెబుతుంది:

```
=SUMIF(Sheet1!A2:A400,7,Sheet1!F2:F400)
```

పేజీ వెంట పేజీ ఇలా పుస్తకంతో పోల్చుకుంటే, తప్పు వందల వరుసల్లో ఎక్కడుందో వెతకనక్కర్లేదు. ఏ పేజీలో ఉందో తేలిపోతుంది, ఆ పేజీ వరుసలు చూసుకుంటే సరి.

తేడా ఎంత వచ్చిందో చూస్తే తప్పు ఎలాంటిదో కూడా చాలాసార్లు తెలుస్తుంది. ఇందుకు మన పదహార్ల అలవాటే సాయపడుతుంది. నిజాం హాలీ సిక్కా రూపాయలు 116 చిల్లర ఇస్తే బ్రిటిష్ రూపాయలు 100 వచ్చేవని, అందుకే నూట పదహార్లు నిలిచిపోయిందని ఒక వివరణ ప్రచారంలో ఉంది. మూలం ఏదైనా, చదివింపుల పుస్తకంలో 116, 516, 1116 పదేపదే వస్తాయి. కాబట్టి తేడా కచ్చితంగా 1000 ఉంటే ఎక్కడో 1116 బదులు 116 పడింది, లేదా తిరగబడింది. మన ఏడో పేజీలో ఐదో వరుసలో 1116 ను 116 అని కొడితే మొత్తం 4196 అవుతుంది, పుస్తకంతో తేడా 1000. తేడా 400 అయితే 516 కు, 116 కు మధ్య కంగారు. తేడా 9 తో నిశ్శేషంగా భాగించబడితే అంకెలు ముందువెనక పడ్డాయేమో చూడాలి. 516 ను 156 అని కొడితే తేడా 360, తొమ్మిది నలభైలు. చివర సున్నా ఒకటి ఎక్కువైనా తేడాను 9 భాగిస్తుంది. గుమస్తాలు తరతరాలుగా వాడుతున్న కిటుకు ఇది. అన్ని తప్పులనూ పట్టుకోలేదు గానీ వెతకాల్సిన చోటును బాగా తగ్గిస్తుంది.

ఇంకో సంగతి మరచిపోకూడదు. పుస్తకంలోని మొత్తమే తప్పు కావచ్చు. పందిట్లో, రద్దీలో, ఒక పక్క మైకు మోగుతుండగా నోటిలెక్కతో కూడినది అది. వరుసలన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూశాక కూడా తేడా ఉంటే షీట్‌నే నమ్మండి. ఆ పేజీ పక్కన ‘పుస్తకంలో ఇంత, కూడితే ఇంత’ అని ఒక మాట రాసుకోండి. షీట్‌ను పుస్తకానికి సరిపెట్టడానికి ఏదో ఒక వరుసను మార్చడం మాత్రం చేయొద్దు.

ఒకరు చదవాలి, ఒకరు కొట్టాలి

ఒంటరిగా కూర్చుని పుస్తకం చూస్తూ టైపు చేస్తే కన్ను వరుస తప్పుతుంది. ఇద్దరు కూర్చోవడం మేలు. చదివేవారు ఆ బంధువర్గాన్ని ఎరిగిన పెద్దావిడ అయితే ఇంకా మేలు. రాసిన చేతిరాతలో ‘తెనా’ అని మాత్రమే ఉంటుంది. మనం తెనాలి అని కొట్టబోతాం. నాయనమ్మ పేరు చూసి, ‘ఈయన తెనాలి ఆయన కాదురా, మీ మేనత్త తోడికోడలి తమ్ముడు, తణుకు’ అంటుంది. ‘తా.గూడెం’ అంటే తాడేపల్లిగూడెం. దాన్ని తాడేపల్లి అని సరిచేస్తే పశ్చిమగోదావరి జిల్లావారిని గుంటూరు జిల్లాకు తెచ్చినట్టు. ‘సుబ్బారావు మేష్టారు’ అన్న వరుసకు ఇంటిపేరు పుస్తకంలో ఎక్కడా ఉండదు, ఆవిడకు మాత్రమే తెలుసు. ఇలాంటివి D గడిలోనూ, పక్కన ఇంకో గడిలోనూ రాసుకోవాలి. C లో మాత్రం పుస్తకంలోని రాతను మార్చొద్దు. మన ఊహ తప్పైతే, తర్వాత వెనక్కి వెళ్లడానికి అదే దారి.

ఒక పేజీ అయ్యాక పాత్రలు మార్చుకోండి. టైపు చేసినవారు తెరమీద ఉన్నది పైకి చదవాలి, రెండోవారు పుస్తకంలో వేలు పెట్టి చూసుకోవాలి. నెమ్మదైన పద్ధతే. కానీ పేరు తప్పో, ఊరు తప్పో మొత్తంలో కనిపించదు, దీనితోనే దొరుకుతుంది.

టైపు యూనికోడ్ తెలుగులోనే జరగాలి. ఫోన్‌లోని తెలుగు కీబోర్డు, విండోస్‌లోని తెలుగు కీబోర్డు ఇచ్చేది అదే. బజారులో డీటీపీ సెంటర్‌కు ఇస్తే, శుభలేఖలు అచ్చువేసే పాత ఫాంట్లలో కొట్టి ఇవ్వవచ్చు. అచ్చు తీస్తే అందంగానే ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అందులో తెనాలి అని వెతికితే దొరకదు, అకారాది వరస కూడా రాదు. పని అప్పగించేటప్పుడే ‘యూనికోడ్‌లో, ఎక్సెల్‌లో కావాలి’ అని చెప్పాలి.

యూనికోడ్‌లో కూడా ఒకే ఊరు రెండు ఊళ్లవుతుంది. ‘తెనాలి’ తర్వాత ఒక ఖాళీ పడితే మన కంటికి తేడా లేదు, షీట్‌కు అది వేరే మాట. ఇది కనిపెట్టడానికి `Insert` మెనూలో `Pivot table` పెట్టి, `Rows` లో పూర్తి ఊరు, `Values` లో నగదు మొత్తం వేసుకోండి. ఒక్కో ఊరికి ఒక్కో వరుస, దాని మొత్తం వస్తాయి. తెనాలి రెండుసార్లు కనిపించిందంటే ఎక్కడో ఖాళీయో, వేరే గుణింతమో ఉంది. దాన్ని సరిచేశాక ఇదే పట్టిక ఊరి వారీ లెక్కగా పనికొస్తుంది. కొత్తపల్లి, కొత్తూరు లాంటి పేర్లతో జిల్లాకు ఒకటికి మించి ఊళ్లుంటాయి. వాటి పక్కన మండలం పేరు చేర్చకపోతే రెండు ఊళ్లు కలిసిపోయి ఒకటవుతాయి, దాన్ని ఏ పట్టికా చెప్పలేదు.

వరస మార్చే ముందు

ముందుగా షీట్‌కు ఒక నకలు తీసుకోండి. తర్వాత మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా, A నుంచి చివరి గడి దాకా అంతా ఎంచుకోవాలి. గూగుల్ షీట్స్‌లో `Data` మెనూలో `Sort range`, అందులో `Advanced range sorting options`. తలకట్టు ఉందని చెప్పే `Data has header row` టిక్కు పెట్టి, ముందు పూర్తి ఊరు, దాని కింద ఇంటిపేరు ఎంచుకుంటే చాలు. ఒకే ఊరి వాళ్లంతా ఒకచోటికి, అందులో ఒకే ఇంటిపేరువాళ్లు పక్కపక్కకు వస్తారు. మూడో పేజీలోని అన్న, పందొమ్మిదో పేజీలోని తమ్ముడు అప్పుడు కలుస్తారు.

ఒక్క ఊరి గడిని మాత్రమే ఎంచుకుని వరస మార్చితే అనర్థం. ఊళ్లు కదులుతాయి, పేర్లు కదలవు. తెనాలి వాళ్లంతా అంగలకుదురు వాళ్లవుతారు. అప్పుడు కూడా మహా మొత్తం రూపాయి మారదు. ఎక్సెల్ అయితే `Expand the selection` అని అడుగుతుంది, ఔననాలి. పొరపాటు జరిగిందేమో తెలుసుకోవాలంటే, వరస మార్చాక ఓ పది వరుసలు అక్కడక్కడా తీసుకుని, పేజీ, వరుస అంకెలు చూసి పుస్తకం తెరిచి సరిపోల్చండి. పేరు, ఊరు, మొత్తం మూడూ కలిస్తే షీట్ నిలబడినట్టే. కలవకపోతే వెంటనే `Ctrl+Z`, లేదా తీసిపెట్టుకున్న నకలు.

పుస్తకంలో లేని డబ్బు

ఈ రోజుల్లో చదివింపులన్నీ పుస్తకంలో ఉండవు. కొందరు వేదిక మీద వధూవరుల చేతికే కవరిస్తారు. కొందరి కవరు బల్ల దగ్గరికి వచ్చినా, రాసేవారు దాన్ని విప్పరు కాబట్టి పేరు పక్కన ‘కవరు’ అని మాత్రం రాస్తారు. బల్ల మీద క్యూఆర్ కోడ్ పెడితే ఇంకొందరు ఫోన్‌లో పంపుతారు. వీటిని చేర్చనిదే మొత్తం నిజం కాదు.

కవర్లు విప్పేటప్పుడు పేరు కవరు మీదే ఉంటుంది, లోపలి నోట్ల మీద ఉండదు. అందుకే విప్పిన వెంటనే మొత్తాన్ని అదే కవరు మీద రాసి, కవర్లు అలాగే ఉంచి, షీట్‌లో ఎక్కించాకే తీసేయాలి. పుస్తకంలో పేరు ఉన్న కవరు మొత్తాన్ని ఆ వరుసలోనే F గడిలో నింపాలి. పుస్తకంలో లేని కవర్లకు పేజీ నంబరు గడిలో 900 అనో 901 అనో వేరే అంకె ఇస్తే పుస్తకం పద్దులతో కలవవు. పుస్తకంలో ‘కవరు’ అని ఉండి ఇంకా మొత్తం ఎక్కనివి ఎన్నో ఇది చెబుతుంది:

```
=COUNTIFS(Sheet1!H2:H400,"కవరు",Sheet1!F2:F400,"")
```

ఫోన్‌లో వచ్చినవాటిలో ఇంకో చిక్కు. డబ్బు కొడుకు ఖాతా నుంచి వస్తుంది, చదివించింది తండ్రి. బ్యాంకు స్టేట్‌మెంటులో కొడుకు పేరుంటుంది. కొందరు ఫోన్‌లో పంపి, బల్ల దగ్గర పేరు కూడా రాయిస్తారు. అప్పుడు ఒకే చదివింపు రెండు వరుసల్లో పడుతుంది. స్టేట్‌మెంటులోని ఒక్కో జమకూ షీట్‌లో ఒక్కో వరుసకు మించి లేదని చూసుకోవాలి. చివరికి H గడి ప్రకారం విడదీసి చూస్తే, చేతికి వచ్చినదీ కవర్లదీ కలిపి ఆ రాత్రి లెక్కపెట్టిన నోట్లతో, ఫోన్‌లో వచ్చినది స్టేట్‌మెంటుతో సరిపోవాలి. నోట్లు తక్కువైతే ముందు ఎవరినీ అనుమానించకండి. వంటవాళ్లకో, మేళగాళ్లకో ఆ డబ్బాలోంచే ఇచ్చి ఉంటారు, అడగండి.

తమిళనాడులో మదురై, పుదుకోట్టై ప్రాంతాల్లో ఈ ఆనవాయితీని మొయ్ అంటారు. అక్కడ పందిట్లోనే కంప్యూటర్‌లో ఎక్కించి, ఇచ్చినవారికి రసీదు చేతికిచ్చే ఏర్పాట్లున్నాయి. మన దగ్గర పుస్తకమే ఉండనీయండి. కరెంటు పోయినా, ఫోన్ చచ్చినా పని ఆగదు. రాసేవారి ఎదుట నిలబడి పేరు చెప్పుకోవడంలో ఒక మర్యాద ఉంది. షీట్ అన్నది పెళ్లి అయ్యాక చేసుకునే పని.

పన్ను సంగతి కూడా ఒక మాట. పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చిన చదివింపులకు ఆదాయపు పన్ను లేదు. గృహప్రవేశానికి, పుట్టినరోజుకు ఆ మినహాయింపు వర్తించదు. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన నగదు కానుకలు 50,000 రూపాయలు దాటితే మొత్తమంతా పన్ను లెక్కలోకి వస్తుంది. చట్టం చెప్పే బంధువుల జాబితా మనం పిలుచుకునే దానికన్నా చిన్నది. పినతండ్రి అందులో ఉన్నాడు, ఆయన కొడుకు లేడు. అందుకని బంధుత్వానికి ఒక గడి పెట్టుకోవడం వృథా కాదు.

ఇంకో గడి తప్పనిసరి. ‘మనం తిరిగి పెట్టింది’ అని ఒకటి, పక్కనే తేదీ, సందర్భం. వాళ్ల ఇంట శుభకార్యానికి వెళ్లి వచ్చిన రాత్రే అది నింపాలి. ఇంట్లో జరిగిన శుభకార్యాలన్నిటి పుస్తకాలూ ఒకే షీట్‌లోకి తెచ్చి, సందర్భం పేరుతో, సంవత్సరంతో ఒక గడి పెడితే, ఆ ఇంటితో మన ఇచ్చిపుచ్చుకోవడమంతా ఒకచోట కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల కిందటి 116 కు ఇప్పుడు 116 పెట్టాలా, వెయ్యి నూట పదహార్లు పెట్టాలా అన్నది షీట్ తేల్చదు. కానీ ఆ రోజుల్లో వాళ్లు పెట్టిన 116 వెనక వాళ్ల స్థోమత ఎంతో ఆలోచించాలంటే, ముందు ఆ 116 కళ్ల ముందు ఉండాలి.

ఈ షీట్‌ను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పందిట్లో పైకి చదివిన మొత్తమే కావచ్చు, కానీ ఒక్కొక్కరిదీ ఒక్కొక్కసారి వినడం వేరు, అందరివీ ఎక్కువ తక్కువల వరసలో పెట్టి చూపడం వేరు. తక్కువ పెట్టినవాళ్లు ఆ పట్టికలో అడుగున కనిపిస్తారు, ఆ తర్వాత మన ఇంటి గడప తొక్కడానికి వెనకాడతారు. గూగుల్ షీట్స్‌లో `Share` నొక్కితే `Anyone with the link` అని కాకుండా `Restricted` అని ఉండాలి. ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంటే చాలు. పుస్తకాన్ని మాత్రం భద్రంగా దాచండి. షీట్‌లో ఏ అనుమానం వచ్చినా తీర్పు చెప్పాల్సింది అదే.

రాబోయే ముహూర్తాలకు ఇంట్లో శుభకార్యం పెట్టుకున్నవాళ్లకు ఒక విన్నపం. బల్ల దగ్గర కూర్చునే ఆయన చేతికి పుస్తకం ఇచ్చేటప్పుడే మూడు మాటలు చెప్పండి: ఊరి చోట చుక్కలు పెట్టకుండా ప్రతి వరుసలో ఊరు రాయమనండి, ఇంటిపేరు అడిగి రాయమనండి, పేజీ నిండగానే అడుగున ఆ పేజీ మొత్తం ఒక్కటే వేయమనండి. అది పాటిస్తే, పైన చెప్పిన పనిలో సగం పందిట్లోనే అయిపోతుంది.